నిలబెట్టిన బండికే ఎక్కువ ముప్పు

పదిహేనేళ్ల నాటి కార్బురేటర్ బండి ఉన్నవాళ్లు ఇప్పుడు మెకానిక్‌ను అడుగుతున్న ప్రశ్న ఒకటే: "ఈ కొత్త పెట్రోలు నా బండిని పాడు చేస్తుందా?" అవునన్నా కాదన్నా ఒక్క ముక్కలో తేలే సంగతి కాదిది. రోజూ ముప్పై కిలోమీటర్లు తిరిగే బండికి ఒక జవాబు, పండక్కి పండక్కి తీసే బండికి మరో జవాబు. నా లెక్కలో మొదటిదానికి ఖర్చు కొన్ని రబ్బరు ముక్కలతో సరిపోతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది రెండోదాని విషయంలో. నాన్నగారి బండి అని అమ్మలేక ఇంటి వసారాలో కవరు కప్పి ఉంచేవాళ్లు, ఊళ్లో ఒకటి పట్నంలో ఒకటి పెట్టుకున్నవాళ్లు ఈ అధ్యాయాన్ని కాస్త నిదానంగా చదవండి.

ముందు మనం ఏం పోయిస్తున్నామో చూద్దాం. పెట్రోల్లో ఇథనాల్ కలపడం నిన్నమొన్నటి పని కాదు. 2003లోనే తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైంది. కాకపోతే అది చాలా ఏళ్లపాటు ఒకచోట ఉండి ఒకచోట లేనట్టే సాగింది. దేశం మొత్తమ్మీద సగటు 10 శాతానికి చేరింది 2022లో. 20 శాతం కలిపిన పెట్రోలు, అంటే ఇ20, 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దాదాపు అన్నిచోట్లా మామూలు పెట్రోలుగా మారిపోయింది. బండ్ల తయారీ కూడా దీనికి తగ్గట్టు మెట్లు మెట్లుగా మారింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక కార్బురేటర్ల స్థానంలో ఇంజెక్షన్ వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఇ20ని తట్టుకునే రకానివి. కాబట్టి 2020కి ముందు కొన్న కార్బురేటర్ బండి ఉన్నవాళ్లే ఈ విషయంలో ఎక్కువ ఆలోచించాలి. 2008లోనో 2010లోనో తయారైన బండి రబ్బర్లను ఎంచుకున్న ఇంజనీరు ఇంత ఇథనాల్‌ను లెక్కలోకి తీసుకుని ఉండే అవకాశం తక్కువ.

కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ కూడా 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఈ మాటను దాచలేదు. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ, అది మామూలు సర్వీసింగులో తక్కువ ఖర్చుతో అయిపోయే పనేననీ చెప్పింది. తిరిగే బండి వరకు ఈ మాట సబబే. ఆరు నెలలకు ఐదొందల కిలోమీటర్లు కూడా తిరగని బండికి మాత్రం కిలోమీటర్ల లెక్క పనికిరాదు. దాని రబ్బరు వయసు క్యాలెండర్‌ను బట్టి పెరుగుతుంది.

రబ్బరుకు జరిగేది ఏమిటి

పాత బండిలో పెట్రోలు తగిలే రబ్బరు భాగాలు చాలావరకు నైట్రైల్ అనే రకానివి. మామూలు పెట్రోలును నైట్రైల్ బాగానే తట్టుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు మాత్రం దాని లోపలికి ఎక్కువగా చొచ్చుకుపోతుంది. రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇక్కడితో ఆగితే పెద్ద నష్టం లేదు. కాస్త ఉబ్బిన ఓ-రింగ్ ఇంకా గట్టిగా అతుక్కుని లీకును ఆపుతుంది కూడా.

నష్టం ఆరినప్పుడు మొదలవుతుంది. రబ్బరును మెత్తగా, వంగేటట్టు ఉంచడానికి తయారీలోనే కొన్ని నూనెల్లాంటి పదార్థాలు కలుపుతారు. లోపలికి చొచ్చుకుపోయిన పెట్రోలు, ఇథనాల్ ఆ పదార్థాలను కరిగించి బయటికి తెస్తాయి. బండి నెలల తరబడి నిలబడి పైపు, గ్యాస్కెట్లు పూర్తిగా ఆరిపోతే మిగిలేది మునుపటి కంటే చిన్నదైన, గట్టిపడిన రబ్బరు. మళ్లీ పెట్రోలు తగిలితే మళ్లీ ఉబ్బుతుంది, కానీ పోయిన మెత్తదనం రాదు. వానలో తడిసి ఎండలో ఎండిన తోలు చెప్పు నాలుగైదు సార్లకే ఎలా పగులుతుందో, ఇదీ అంతే. రోజూ నడిచే బండిలో రబ్బరు ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఈ దెబ్బ తక్కువ.

కార్బురేటర్ విప్పిన ప్రతి మెకానిక్‌కూ తెలిసిన ఒక సంగతి ఉంది. కింది గిన్నె విప్పగానే దాని గ్యాస్కెట్ రింగు బయటికొస్తుంది. శుభ్రం చేసి తిరిగి పెట్టబోతే గాడిలో కూర్చోదు. పొడవు పెరిగిపోయి ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేస్తుంది. చాలామంది దాన్ని లాగి, తోసి, గమ్ము రాసి బిగించేస్తారు. ఆ రింగునే నీడలో ఒక రోజు ఆరనిస్తే మళ్లీ గాడిలో సరిపోతుంది. అయితే సరిపోయిందని సంతోషించి వాడుకోకండి. ఆరాక దాన్ని వేళ్ల మధ్య చిన్న వంపు తిప్పి చూడండి. బయటి అంచున సన్నటి గీతలు కనబడితే దాని పని అయిపోయింది. కొత్త రింగు ఖరీదు ఒక పూట టిఫిన్ ఖర్చు కూడా ఉండదు.

ఇథనాల్‌ను బాగా తట్టుకునే రబ్బరు వేరే ఉంది. ఫ్లోరిన్ కలిసిన రబ్బరు, అంగడిలో వైటాన్ పేరుతో అడుగుతారు. ఖరీదెక్కువ. ఫ్లోట్ సూది కొనకు ఈ రకం ఉన్న కిట్టు దొరికితే తప్పకుండా అదే తీసుకోండి, ఎందుకంటే ఇంజనుకు వచ్చే పెట్రోలును ఆపేదీ వదిలేదీ ఆ సూది మొనే.

జెట్టు మారలేదు, పెట్రోలు మారింది

రబ్బరు సంగతి పక్కన పెడితే కార్బురేటర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. దాన్ని చెడిపోవడం అనలేం. కార్బురేటర్‌కు ఆలోచన లేదు. జెట్టు రంధ్రం ఎంత ఉంటే అంత పెట్రోలును వదులుతుంది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉండడం దీనికి కారణం. ఇరవై శాతం కలిపితే లెక్క 13.5 దగ్గర తేలుతుంది. జెట్టూ గాలీ పాతవే, ఇంధనానికి కావలసిన గాలి మాత్రం తగ్గింది. అంటే స్వచ్ఛమైన పెట్రోలుకు సెట్ చేసిన బండిలో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడినట్టు. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే లీన్ అయింది. ఇంజెక్షన్ బండిలో సెన్సార్ దీన్ని పసిగట్టి పెట్రోలు కాస్త పెంచుతుంది. కార్బురేటర్ బండిలో ఆ పని మీరో మెకానికో చేయాలి.

లీన్ అయిన బండి చెప్పే గుర్తులు తేలికైనవి. పొద్దున్నే చోక్ లేకుండా అందుకోదు, అందుకున్నా చోక్ తీసెయ్యగానే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తిప్పిన మొదటి క్షణంలో ఒక తడబాటు. వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్లో పటపటమని చప్పుడు. ప్లగ్గు తీస్తే ఇటుక రంగుకు బదులు తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఇందులో మొదటి రెండూ స్లో జెట్టు సగం మూసుకుపోయినా కనబడతాయి, కాబట్టి శుభ్రం చేయకుండా ముందుగానే స్క్రూ తిప్పడం మొదలుపెట్టొద్దు.

శుభ్రం చేశాక కూడా ఈ గుర్తులుంటే మిశ్రమం స్క్రూను సరిచేయొచ్చు. ఇక్కడ చాలామంది తప్పు దిక్కుకు తిప్పుతారు. స్క్రూ కార్బురేటర్ మీద ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని కొలిచేది. దాన్ని లోపలికి బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. స్క్రూ ఇంజను వైపు ఉంటే అది పెట్రోలును కొలిచేది, దాన్ని బయటికి వదిలితే చిక్కబడుతుంది. ఇంజను బాగా వేడెక్కాక పావు చుట్టు తిప్పి, అర నిమిషం ఆగి, చప్పుడు స్థిరపడిందో లేదో వినండి. ఒక చుట్టుకు మించి తిప్పాల్సి వస్తోందంటే తప్పు వేరే చోట ఉంది. ఇంజనుకూ కార్బురేటర్‌కూ మధ్య ఉండే రబ్బరు మెడ పగిలి దొంగగాలి పీలుస్తూ ఉండొచ్చు. మూత వేసి సీలు చేసిన స్క్రూలున్న బండ్లలో ఈ ప్రయత్నం మానేయండి.

మైలేజీ గురించి ఒక మాట. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన ప్రణాళికా పత్రం, స్వచ్ఛమైన పెట్రోలు కోసం రూపొంది 10 శాతం మిశ్రమానికి సరిచేసిన ద్విచక్ర వాహనాల్లో ఇ20 వల్ల తగ్గుదల 3 నుంచి 4 శాతం ఉంటుందని అంచనా వేసింది. లీటరుకు 60 వచ్చే బండిలో రెండు, రెండున్నర కిలోమీటర్లు అన్నమాట. ఎవరైనా "అరవై కాస్తా నలభై అయింది" అంటే నేను ఇథనాల్‌ను కాక ముందు ఓవర్‌ఫ్లో పైపును, బ్రేకులు పట్టేస్తున్నాయేమోననీ చూస్తాను.

దసరా నుంచి సంక్రాంతి దాకా

ఇప్పుడు ఒక బండిని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. 2009 మోడల్, 100 సీసీ. దసరాకు ఊరొచ్చినప్పుడు వాడి, ట్యాంకులో నాలుగు లీటర్ల ఇ20 ఉండగా, ట్యాప్ ఆన్‌లోనే వదిలేసి వసారాలో పెట్టి వెళ్లారు. యజమాని మళ్లీ సంక్రాంతికి వచ్చాడు. మూడు నెలల్లో ఏం జరిగిందంటే, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు గాలి రంధ్రాల గుండా కొద్దికొద్దిగా ఆవిరైంది. ట్యాప్ ఆన్‌లో ఉండడంతో తగ్గినంతా ట్యాంకు నుంచి మళ్లీ నిండింది. ఆవిరయ్యేది తేలిక భాగం, మిగిలేది బరువైన జిగురు. ఇలా మూడు నెలలు నిండీ ఆరీ గిన్నె అడుగున జిగురు చిక్కబడింది. ఇథనాల్ పీల్చుకున్న తేమ గిన్నె లోహాన్ని కొరికి తెల్లటి పొడిని, ఇత్తడి జెట్ల మీద పచ్చటి పొరను వదిలింది.

సంక్రాంతి పొద్దున చోక్ వేసి పది కిక్కులు కొడితే బండి అందుకుంది. చోక్ తీయగానే ఆగిపోయింది. ఈలోగా కింద పెట్రోలు చుక్కలు. సాధారణంగా ఇక్కడ జరిగే పని చోక్ వేసే ఉంచి ఊరంతా తిప్పేయడం. అలా చేయకండి, కింద కారేది వేడి ఇంజను పక్కనే.

ముందు ట్యాప్ కట్టేసి, బండిని ఆరుబయట నీడలో పెట్టండి. దగ్గర్లో దీపం, పొయ్యి, సిగరెట్ ఉండకూడదు. తర్వాత చూడాల్సింది కార్బురేటర్ కాదు, ట్యాంకు. పైపును కార్బురేటర్ దగ్గర ఊడదీసి, శుభ్రమైన గాజు సీసాలోకి, ట్యాప్‌ను రిజర్వులో పెట్టి పావు లీటరు పట్టండి. రిజర్వే ఎందుకంటే ఆ దారి ట్యాంకు అడుగు నుంచి తీసుకుంటుంది. ఆన్‌లో పీల్చే గొట్టం లోపల కాస్త ఎత్తుగా నిలబడి ఉంటుంది. సీసాను పది నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురుకు ఎదురుగా చూడండి. అంతా ఒకే రంగులో తేటగా ఉంటే మంచిదే. అడుగున వేరే పొర, రెండింటి మధ్య స్పష్టమైన గీత కనబడితే ట్యాంకులో నీళ్లు చేరి పెట్రోలు విడిపోయిందని అర్థం.

ఈ విడిపోవడం గురించి భయాలు చాలా ఉన్నాయి, అందులో సగం అతి. గాలిలోని తేమ ఒక్కటే నాలుగు వారాల్లో ట్యాంకును పాడుచేయదు. 10 శాతం మిశ్రమం లీటరుకు దాదాపు ఐదు మిల్లీలీటర్ల నీటిని తనలో కలుపుకోగలదు, 20 శాతం మిశ్రమం అంతకంటే ఎక్కువే కలుపుకుంటుంది. హద్దు దాటించేది ఎక్కువగా ట్యాంకు మూత రబ్బరు ఎండిపోయి వానాకాలంలో లోపలికి జారిన నీళ్లు, లేదంటే వాటర్ సర్వీసింగులో ఒత్తిడితో కొట్టిన నీళ్లు. హద్దు దాటితే మాత్రం వ్యవహారం పాత రోజుల్లా ఉండదు. అప్పట్లో నీళ్లు ఒక గుక్కెడు అడుగున ముత్యంలా దొర్లేవి, వంచేస్తే పోయేవి. ఇప్పుడు ఆ నీళ్లు ఇథనాల్‌ను కూడా లాక్కుని కిందికి దిగుతాయి. పది లీటర్ల ట్యాంకులో ఉన్న రెండు లీటర్ల ఇథనాల్లో పెద్ద భాగం అలా అడుగుకు చేరితే ఆ పొర లీటరు పైనే ఉంటుంది. ఆ పొర మీద ఇంజను నడవదు. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గి ఇంజనులో టకటకలాడుతుంది. దాన్ని ఊపి కలిపే మందేదీ లేదు, ఎవరేం అమ్మినా సరే. ట్యాంకు మొత్తం ఖాళీ చేయడమొక్కటే దారి.

మన సంక్రాంతి బండిలో పెట్రోలు తేటగానే ఉంది. ఇక పైపు సంగతి. ఊడదీసిన కొనలను చూడండి. క్లిప్పు కింద సన్నటి పగుళ్లు, వంచితే పెళుసుగా విరగబోయినట్టు ఉండడం, లోపల వేలితో రుద్దితే నల్లటి మసి అంటుకోవడం, ఈ మూడింటిలో ఏది కనబడినా పైపు మార్చాల్సిందే. నల్లటి మసి ఎక్కువ ప్రమాదం. పైపు బయటికి బాగానే కనబడుతూ లోపల పొర ఊడి ముక్కలుగా కార్బురేటర్‌లోకి వెళ్తూ ఉంటుంది. ఫ్లోట్ సూది కింద ఒక్క ముక్క ఇరుక్కుంటే చాలు, పెట్రోలు ఆగదు.

తర్వాత గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ విప్పి పాత పెట్రోలు దించి, గిన్నె తీయండి. ఫ్లోట్ ఇరుసును ఒకవైపు నుంచే తోసి లాగాలి. బలవంతం చేస్తే దాన్ని పట్టుకున్న కొమ్ము విరిగి కార్బురేటరే పోతుంది. సూది రబ్బరు మొనను గోటితో నొక్కి చూడండి. చుట్టూ గాడి పడినట్టున్నా, మొన గట్టిపడినా అది మూత వేయలేదు. చుక్కలు కారడానికి కారణం అదే. ఇక స్లో జెట్టు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి మూడు నెలల జిగురు ముందుగా మూసేది దాన్నే. బండి చోక్ మీదే బతకడానికి కారణం ఇది. జెట్టును వెలుతురుకు పెట్టి చూస్తే గుండ్రటి చుక్క కనబడాలి. కనబడకపోతే తీగ పెట్టి పొడవకండి. ఇత్తడి మెత్తటిది, రంధ్రం పెద్దదైతే దానికి మందు లేదు. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి పావుగంట నాననిచ్చి, గాలి పంపుతో ఊదండి. రెండుమూడు సార్లు చేస్తే చాలావరకు వదులుతుంది, లేకుంటే కొత్త జెట్టు వేయించండి. స్ప్రే కొట్టే ముందు రబ్బరు భాగాలన్నీ తీసి పక్కన పెట్టాలి. ఆ స్ప్రే ఇథనాల్ కంటే ఘోరంగా రబ్బరును తింటుంది. డయాఫ్రం ఉన్న రకం కార్బురేటర్ అయితే పై మూత తీసి ఆ పల్చటి రబ్బరు పొరను కూడా వెలుతురుకు పెట్టి చూడండి. సూదిమొనంత చిల్లు ఉన్నా పికప్ పోతుంది.

ఈ బండికి మార్చాల్సినవి ఇవి: పైపు, రెండు క్లిప్పులు, గిన్నె గ్యాస్కెట్, ఫ్లోట్ సూది, ట్యాప్ లోపల నాలుగు రంధ్రాల రబ్బరు వాషర్. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. అది గట్టిపడితే ట్యాప్ ఆఫ్‌లో పెట్టినా పెట్రోలు సన్నగా దిగుతూనే ఉంటుంది. అన్నీ కలిపి కొన్ని వందల రూపాయల్లో అయిపోయే సామాను. దీంతోపాటు పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ వేయించండి. ఇథనాల్ మంచి ద్రావకం కాబట్టి ఏళ్లుగా ట్యాంకు గోడలకు అంటుకున్న తుప్పును, జిగురును మొదటి కొన్ని ట్యాంకుల్లో కదిలించి కిందికి తెస్తుంది. ఫిల్టర్ నెల తిరక్కుండానే ఎర్రబడితే కంగారు పడకుండా మార్చేయండి.

పైపు కొనేటప్పుడు

విడిభాగాల దుకాణంలో మీటర్ల లెక్కన కోసి అమ్మే పారదర్శకపు పైపులు చూడముచ్చటగా ఉంటాయి, పెట్రోలు పారడం కనబడుతుంది కూడా. నాకు అవి నచ్చవు. ఎండకూ ఇథనాల్‌కూ కలిపి ఏడాదిలోనే పసుపెక్కి కర్రలా అయిపోతాయి. బండి కంపెనీ విడిభాగంగా అమ్మే పైపు మొదటి ఎంపిక. అది దొరకకపోతే పైపు మీద ముద్రించిన గుర్తు చూడండి. ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ఉంటే అది లోపల ఫ్లోరిన్ రబ్బరు పొర ఉన్న రకం. లోపలి వ్యాసం పాత పైపుతో సరిగ్గా సరిపోవాలి. వదులు పైపును క్లిప్పు బిగించి సరిచేయబోతే క్లిప్పే రబ్బరును కోస్తుంది.

ఏ గుర్తూ లేని పైపే దిక్కయితే ఇంట్లో ఒక పరీక్ష చేయొచ్చు. పైపులో వేలెడు ముక్క కోసి, పొడవును స్కేలుతో కొలిచి రాసుకోండి. మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో బంకు పెట్రోలు కొద్దిగా పోసి ముక్కను ముంచి, ఇంటికి దూరంగా నీడలో వారం రోజులు పెట్టండి. తీసి వెంటనే కొలవండి. కాస్త పెరగడం మామూలే. పదో వంతుకు మించి పెరిగినా, జిగటగా మారినా, పెట్రోలు రంగు నల్లబడినా ఆ పైపు వద్దు. పాసైన ముక్కను కూడా ఒక రోజు ఆరబెట్టి వంచి చూడండి. ఆరాక పగిలేది బండి మీద కూడా ఆరాకే పగులుతుంది.

వదిలి వెళ్లేముందు

బండిని రెండు మూడు వారాలు మాత్రమే ఆపుతుంటే ట్యాప్ ఆఫ్ చేస్తే చాలు. నెల దాటేట్టుంటే ట్యాప్ ఆఫ్ చేసి ఇంజనును దానంతటది ఆగేదాకా నడపండి, ఆ తర్వాత డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన రెండు చెంచాలూ దించేయండి. ఇంజను ఆగిందంటే గిన్నె ఖాళీ అయినట్టు కాదు. జెట్టుకు అందని అడుగు పెట్రోలు ఇంకా ఉంటుంది, జిగురయ్యేది అదే. రబ్బరు ఆరిపోవడమే ముప్పని చెప్పి గిన్నెను ఆరబెట్టమంటున్నానేమిటని మీకు అనిపించొచ్చు. నిజమే, ఇందులో ఒకటి పోగొట్టుకుని ఒకటి కాపాడుకుంటున్నాం. గిన్నె గ్యాస్కెట్ ఏడాదికోసారి మార్చుకోవచ్చు, కొరుక్కుపోయిన కార్బురేటర్ బాడీని మార్చడం అంత తేలిక కాదు.

ట్యాంకు సంగతి దీనికి పూర్తిగా భిన్నం. దాన్ని సగంలో వదలకుండా నిండుగా ఉంచండి. ఖాళీ జాగా ఎంత ఉంటే పగలు వేడికీ రాత్రి చలికీ అంత తేమగాలి లోపలికీ బయటికీ తిరుగుతుంది, ఇనుప గోడ తుప్పు పట్టేదీ ఆ జాగాలోనే. వెళ్లేముందు మూత రబ్బరు మెత్తగా ఉందో లేదో వేలితో నొక్కి చూసి, గట్టిపడి ఉంటే మార్చండి. మూడు నెలలు దాటి వదిలేట్టయితే నిండు ట్యాంకు కూడా నమ్మకం కాదు. పెట్రోలును వేరే బండికి మళ్లించి, ట్యాంకు లోపల కాస్త ఇంజనాయిలు పోసి అటూ ఇటూ తిప్పి పొర పట్టించాలి. మళ్లీ వాడేముందు పెట్రోలుతో కడగాలి. ఇంతకంటే మంచిది, ఊళ్లో నమ్మకమైనవాళ్లకు తాళం ఇచ్చి వారానికోసారి పావుగంట నడపమనడం. నిలబెట్టి స్టార్టు చేసి ఐదు నిమిషాల్లో ఆపేస్తే లాభం లేదు, ఇంజను పూర్తిగా వేడెక్కక సైలెన్సర్లో నీళ్లు మిగులుతాయి.

పాత టూస్ట్రోక్ స్కూటర్ ఉన్నవాళ్లకు అదనంగా ఒక్క హెచ్చరిక. ఆయిలును పెట్రోల్లోనే కలిపి పోసే బండ్లలో ఇంజనుకు అందే కందెన మొత్తం ఆ పెట్రోలుతోనే వస్తుంది. ట్యాంకులో నీళ్లు చేరి పొరలు విడిపోతే ఆయిలు పై పెట్రోలుతో ఉండిపోతుంది, అడుగున ఉన్న నీళ్లూ ఇథనాలూ ఆయిలు లేకుండా ఇంజనులోకి వెళ్తాయి. ఆ పొర మీద ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతే మన అదృష్టం, సగం మిశ్రమంతో కొద్ది దూరం నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి ఇలాంటి బండిని ఎక్కువ రోజుల తర్వాత తీసేటప్పుడు గాజు సీసా పరీక్ష చేయకుండా కిక్కు కొట్టొద్దు. ఆయిలు కలిపిన పెట్రోలును ఆ వారంలో తిరగబోయేంత మాత్రమే కలుపుకోండి.